ఫిబొనాచీ ఏ లో నుంచి గీయాలి? మార్చి 2024 బిట్‌కాయిన్‌లో నా 0.618 ఎందుకు నిలవలేదు

వాల్తేరు_కెరటం · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పరవాడలో ఫార్మా కంపెనీలో షిఫ్టు ఉద్యోగం నాది. ఖాళీ దొరికినప్పుడల్లా బార్ రీప్లే పెట్టుకుని పాత బిట్‌కాయిన్ చార్ట్‌ల మీద ఫిబొనాచీ సాధన చేస్తున్నాను. రూపాయి కూడా పెట్టలేదింకా, కంగారు పడకండి.

2024 మార్చి దగ్గర ఇరుక్కుపోయాను. డైలీ చార్ట్‌లో మార్చి 5న పెద్ద విక్‌తో 59,000 డాలర్ల లో, అంటే కనిష్ఠ ధర, ఉంది. మార్చి 14న 73,800 హై. ఈ రెండింటికీ ఫిబ్ గీశాను. 0.618 గీత 64,650 దగ్గర పడింది. 17వ తేదీన ధర సరిగ్గా అక్కడికి వచ్చి 64,500 తాకి, అదే రోజు 68,000 దాటింది. నాకు ఒళ్లు పులకరించింది. పాత హై 73,800 దాకా వెళ్తుందని టార్గెట్ రాసుకున్నాను. రెండు రోజుల్లో గీతలన్నీ తెగ్గొట్టుకుని 20వ తేదీన 60,800కి వచ్చేసింది.

నేను ఎంచుకున్న లో తప్పా? లేక ఫిబొనాచీయే అంతేనా? కంటికి బాగా కనబడిన లో అదొక్కటే.

---

గోల్డెన్‌పాకెట్_గాజువాక · సోమవారం, రాత్రి 10:05

తమ్ముడూ, నీ లో తప్పు కాదు, నీ నమ్మకం తక్కువ. 0.618కి, 0.65కి మధ్య ఉన్న పట్టీనే చూడాలి. నీ లెక్కలో అది 64,650 నుంచి 64,180 దాకా. 17న లో 64,500. అంటే పట్టీ లోపలే తిరిగింది కదా! గీత తన పని తాను చేసింది. నువ్వు 68,000 దగ్గర సగం అమ్మేసి, స్టాప్‌ని కొన్న రేటుకి జరపాల్సింది. తక్కిన గీతలన్నీ అలంకారానికే. నేను 0.5 కూడా చూడను, అది అసలు ఫిబొనాచీ నిష్పత్తే కాదు.

---

పూర్ణామార్కెట్_సుబ్బయ్య · సోమవారం, రాత్రి 10:30

బాబూ, స్వింగ్ చేద్దామనుకుంటున్నావు కాబట్టి ముందు ఒక మాట. మన దేశంలో అమ్మిన ప్రతిసారీ 1 శాతం టీడీఎస్ కోస్తారు. లక్షకి అమ్మితే వెయ్యి అక్కడే ఆగిపోద్ది. రిటర్ను వేసినప్పుడు సర్దుకోవచ్చుననుకో. లాభం మీద 30 శాతం, పైన సెస్సు. ఒకదాంట్లో పోయినది ఇంకోదాంట్లో తగ్గించుకోడానికి లేదు. రెండు రోజుల స్వింగులు మనకి కిట్టవు. నెలల తరబడి పట్టుకునే వాళ్లకే ఇది.

---

వాల్తేరు_కెరటం · సోమవారం, రాత్రి 10:41

సుబ్బయ్య గారూ, మంచి మాటే గానీ నేనడిగింది స్వింగ్ ట్రేడింగ్ గురించి కాదండీ. ఫిబ్ గీయడానికి పట్టుకునే ఆ రెండు కొసల గురించి.

---

మద్దిలపాలెం_లలిత · మంగళవారం, ఉదయం 6:15

రోజూ 5:30కి డైలీ క్యాండిల్ ముగిశాక, చార్ట్ ఒకసారి చూసి బీచ్‌రోడ్డుకి నడకకి వెళ్తాను. ఇవాళ నడక మానేసి ఇది రాస్తున్నాను, కాబట్టి శ్రద్ధగా చదవండి.

కెరటం గారూ, మీ లో తప్పని నేను అనను. మార్చి 5న ధర ముందు 69,000 తాకి, అదే రోజు 59,000కి పడింది. తర్వాత ఆ 69,000ని దాటి 73,800కి వెళ్లింది. ముఖ్యమైన హైని దాటిన పరుగు ఎక్కడ మొదలైందో అదే స్వింగ్ లో అనుకుంటే, మీ లో పాసవుతుంది. చిక్కు మరోచోట ఉంది. అది తొమ్మిది రోజుల స్వింగ్. తొమ్మిది రోజుల స్వింగ్ మీద గీసిన గీత నుంచి మీరు ఏం ఆశించారు? పాత హై దాకా ప్రయాణం. అది ఇచ్చింది రెండు రోజుల ఎగురు. చిన్న స్వింగ్ గీతకి ఆ మాత్రం బలమే ఉంటుంది. ఆ మాటకొస్తే గాజువాక అన్న చెప్పినది సగం నిజం: గీత పనిచేసింది. కానీ అది ఎంతసేపు పనిచేస్తుందో చెప్పేది పట్టీ కాదు, స్వింగ్ సైజు.

ఇప్పుడు వీక్లీ చార్ట్ తెరవండి. జనవరి 22న మొదలైన వారంలో లో దాదాపు 38,500. ఆ వారం నుంచి మార్చి 14 హై వచ్చేదాకా ఒక్కొక్క వారం లో చూసుకుంటూ రండి. ప్రతిదీ అంతకు ముందు వారం లో కన్నా పైనే ఉంటుంది. మీ 59,000 ఉన్న వారం కూడా, దాని ముందు వారం 50,900 కన్నా ఎంతో పైన. అంటే వీక్లీ కంటికి మీ మార్చి 5 లో అసలు లోయే కాదు, ఎక్కుతున్న మెట్లలో ఒక మెట్టు. ఆ మొత్తం ఎక్కుడుకి ఒక్కటే మొదలు, 38,500. పైగా ఆ పరుగు ఒక అసలైన అడ్డంకిని దాటింది. అమెరికాలో స్పాట్ ఈటీఎఫ్‌లు మొదలైన జనవరి 11న వచ్చిన 49,000 హై అది.

ఆ కొసల మీద గీయండి:

```
level = high − (high − low) × r
73,800 − 35,300 × 0.382 ≈ 60,300
73,800 − 35,300 × 0.5   = 56,150
73,800 − 35,300 × 0.618 ≈ 52,000
```

మిమ్మల్ని ఏడిపించిన ఆ పతనం మార్చి 20న ఎక్కడ ఆగింది? 60,800. ఈ స్వింగ్‌లో మొదటి గీతకి 500 డాలర్ల పైన. ఏప్రిల్ మధ్యలో మళ్లీ దాదాపు అక్కడికే వచ్చి తిరిగింది. మే 1న అది తెగి 56,500కి వచ్చి లేచింది, రెండో గీత దగ్గర. గాజువాక అన్నా, మీరు అలంకారమన్న 0.5 అదే. ఫిబొనాచీ నిష్పత్తి కాదన్న మాట నిజమే, అయినా సగం దగ్గర ఆగడం జనం ఫిబొనాచీ పేరు ఎత్తకముందు నుంచీ చూస్తున్నదే.

---

వాల్తేరు_కెరటం · మంగళవారం, ఉదయం 7:02

మేడమ్, అర్థమైంది గానీ భయం కూడా వేసింది. మార్చి 17న నేను చార్ట్ ముందు కూర్చుని ఉంటే, నా స్వింగ్ చిన్నదని అప్పుడే ఎలా తెలుస్తుంది? తర్వాత జరిగింది చూసి పెద్ద స్వింగే సరైనది అనడం సులువే కదా.

---

మద్దిలపాలెం_లలిత · మంగళవారం, ఉదయం 9:20

అడగాల్సిన ప్రశ్నే. నేను చేసే పరీక్ష ఒకటుంది, దానికి తర్వాతి రోజులు అక్కర్లేదు. ఒకసారి విక్ కొసల మీద గీయండి, మరోసారి ముగింపు ధరల మీద గీయండి. 0.618 ఎంత జరిగిందో చూడండి.

మీ మార్చి స్వింగ్‌లో, 5వ తేదీ క్యాండిల్ 59,000 తాకినా ముగిసింది 63,700 దగ్గర. పైన అత్యధిక ముగింపు 73,100. వీటి మీద గీస్తే 0.618 గీత 67,300కి వెళ్లిపోతుంది. మీ గీత 64,650. తేడా 2,600 డాలర్లకి పైగా. స్వింగ్ మొత్తం 14,800 ఉంటే అందులో ఆరో వంతు కంటే ఎక్కువ.

పెద్ద స్వింగ్‌లో జనవరిలో అతి తక్కువ ముగింపు 39,600. అక్కడ నుంచి 73,100కి గీస్తే 0.618 గీత 52,400. విక్‌ల మీద 52,000. తేడా 400 డాలర్లు.

విక్ మీద గీయాలా బాడీ మీద గీయాలా అని టెలిగ్రామ్ గ్రూపుల్లో రాత్రంతా కొట్టుకుంటారు. ఆ ఎంపికతో గీత బాగా జరిగిపోతోందంటే, మీరు స్వింగ్‌ని కాదు, ఒక్క క్యాండిల్‌ని కొలుస్తున్నారని అర్థం. మార్చి 5 విక్ ఒక్క రోజులో జరిగిన లిక్విడేషన్ల గోల. జనవరి నాటి లో అలా కాదు, దిగడానికి పది రోజులు పట్టింది, అక్కడ కొన్నాళ్లు నిలబడింది, తర్వాత లేచింది. ఈ పరీక్ష మార్చి 17న కూడా చేసుకోవచ్చు.

---

పూర్ణామార్కెట్_సుబ్బయ్య · మంగళవారం, మధ్యాహ్నం 1:10

లలితమ్మా, ఇప్పుడు నాకు వెలిగింది నాకేటి జరిగిందో. నిన్న పన్నుల గోల ఎత్తినందుకు ఏమనుకోకండి, అది నా కడుపుమంట.

ఒక చిన్న కాయిన్, రూపాయల జోడీలో చూసేవాడిని. యాప్ చార్ట్‌లో లో 182 రూపాయలు, హై 290. ఫిబ్ గీస్తే 0.618 దగ్గర దరిదాపు 223. ఆర్డర్ పెట్టి కూర్చున్నాను. ధర 238 దాకా వచ్చి తిరిగిపోనాది. మా అబ్బాయి టెథర్ జోడీ చార్ట్ తెరిచి చూపించాడు, అందులో ఆ 182 లేనే లేదు! రూపాయల్లోకి మార్చుకుంటే లో 205. అర్ధరాత్రి మన ఎక్స్‌ఛేంజ్‌లో కొనేవాడు లేక ఎవడో పెద్ద ఆర్డర్ కొడితే ఆ ఒక్క నిమిషం అంత కిందికి పోయింది. 205 నుంచి గీస్తే 0.618 గీత 237 దగ్గర పడుతోంది. సరిగ్గా తిరిగిన చోటు. నేను గీసింది మార్కెట్ లో కాదు, మా ఎక్స్‌ఛేంజ్ బీద ఆర్డర్‌బుక్.

---

మద్దిలపాలెం_లలిత · మంగళవారం, మధ్యాహ్నం 1:35

సుబ్బయ్య గారూ, నా పోస్టు కన్నా మీది బాగుంది. ఎక్కడ కొన్నా సరే, గీయడం మాత్రం ఎక్కువ లావాదేవీలు జరిగే చార్ట్ మీదే. లెవెల్‌ని తర్వాత రూపాయల్లోకి మార్చుకోండి.

---

లెక్కలమాష్టారు · మంగళవారం, సాయంత్రం 6:48

నలభై ఏళ్లు ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇక్కడ చదువుతూ ఉంటాను గానీ మాట్లాడను. ఇవాళ ఆగలేకపోయాను.

అమ్మా, మీరు రెండు స్వింగ్‌లు చూపించారు. ఫిబ్రవరి 23న 50,500 లో ఉంది, అదీ ఒక స్వింగే అంటాడు ఇంకొకడు. 2023 సెప్టెంబర్‌లో 24,900 ఉంది. 2022 నవంబర్‌లో 15,500 ఉంది. ఈ ఐదు లోల నుంచి అదే 73,800 హైకి గీసి, ఒక్కొక్కదానికి 0.382, 0.5, 0.618, 0.786 వేశాను. కాగితం మీదే వేశాను. 46,000 నుంచి 66,000 మధ్య 13 గీతలు పడ్డాయి. అంటే సగటున 1,500 డాలర్లకో గీత. 500 డాలర్లు అటూ ఇటూ అయినా "తాకింది" అని ఒప్పుకుంటే, ధర ఆ మధ్యలో ఎక్కడ ఆగినా మీకు ఒక గీత దొరికే అవకాశం మెండు. దీన్ని పద్ధతి అంటారా, పంచాంగం అంటారా?

---

గోల్డెన్‌పాకెట్_గాజువాక · మంగళవారం, రాత్రి 7:15

మాష్టారూ, గీతలు దగ్గర దగ్గరగా పడితేనే కదా బలం! పెద్ద స్వింగ్ 0.618 గీత 52,000. 15,500 నుంచి గీస్తే 0.382 గీత 51,500. రెండు వేర్వేరు స్వింగ్‌లు, రెండు వేర్వేరు నిష్పత్తులు, ఒకే చోట. దాన్నే కన్‌ఫ్లుయెన్స్ అంటారు. ఆగస్టు 5న అక్కడి నుంచే కదా లేచింది.

---

బెంచ్‌మార్క్_సర్వేయర్ · మంగళవారం, రాత్రి 8:30

పోర్టు ఏరియాలో సర్వే పని చేస్తాను. ట్రేడింగ్ అంతంత మాత్రమే. కానీ గాజువాక అన్న మాట దగ్గర నా వృత్తి అడ్డొచ్చింది.

మేం లెవెల్ తీసేటప్పుడు ఒకే బెంచ్‌మార్క్ మీద నిలబడి మూడు రీడింగులు తీసుకుని, మూడూ కలిశాయి కాబట్టి కరెక్ట్ అని రాస్తే ఇంజనీరు కాగితం మొహాన కొడతాడు. ఆ బెంచ్‌మార్క్ రెండంగుళాలు కుంగి ఉంటే మూడు రీడింగులూ కలిసే తప్పుతాయి. ఇంకో బెంచ్‌మార్క్ నుంచి వచ్చి మూసుకోవాలి.

మీ గీతలన్నింటికీ పై కొస ఒక్కటే, 73,800. రేపు హై మారితే అన్నీ కలిసే జరుగుతాయి. మరి అవి రెండు సాక్ష్యాలు ఎలా అయ్యాయి? నాకు తెలియకే అడుగుతున్నాను.

---

మద్దిలపాలెం_లలిత · బుధవారం, ఉదయం 6:05

సర్వేయర్ గారూ, నేను మూడేళ్లు తప్పు చేశాక తెలుసుకున్నది మీరు ట్రేడింగ్ చేయకుండానే చెప్పేశారు. మాష్టారు గారి లెక్క కూడా సరైనదే. ఐదు స్వింగ్‌లు గీస్తే అది పంచాంగమే. అందుకే నేను ఒక్క స్వింగే గీస్తాను, మిగతా సాక్ష్యం ఫిబ్ నుంచి తీసుకోను.

52,000 ఉదాహరణే చూద్దాం. ఫిబ్ గీత ఒకటి అక్కడ పడింది, సరే. దాన్ని మూసేసి, ఖాళీ చార్ట్‌లో 2024 ఫిబ్రవరి చూడండి. 14వ తేదీ దాటాక దాదాపు రెండు వారాలు ధర 50,500కి, 53,000కి మధ్యే నలిగింది. 26న ఆ పెట్టెలోంచి పైకి తెంచుకుని పోయింది. అంటే అన్ని రోజులు అక్కడ కొనుగోళ్లు, అమ్మకాలు జరిగాయి. అక్కడ కొన్నవాళ్లు, కొనలేకపోయినవాళ్లు ఇద్దరూ ఆ ధరని గుర్తుపెట్టుకుంటారు. వాల్యూమ్ ప్రొఫైల్ వేసుకునేవాళ్లకి అక్కడ ఉబ్బు కనబడుతుంది. ఈ సాక్ష్యానికి మార్చి హైతో సంబంధం లేదు. హై 80,000 అయినా ఆ పెట్టె అక్కడే ఉండేది. సర్వేయర్ గారి భాషలో ఇది రెండో బెంచ్‌మార్క్.

దాని కింద మూడోది, జనవరి 11 నాటి 49,000. ఒకప్పుడు అడ్డంకి, తర్వాత దాటినది. ఇదీ మార్చి హై మీద ఆధారపడలేదు.

కాబట్టి నా పుస్తకంలో 52,000 అని ఒక గీత ఉండదు. 50,500 నుంచి 52,000 దాకా ఒక జోన్ ఉంటుంది, దాని కింద 49,000 చివరి గోడ. ఆ గోడ కింద డైలీ క్యాండిల్ ముగిస్తే జోన్ చచ్చిపోయినట్టే, ఎన్ని గీతలున్నా సరే.

60,300 దగ్గర అలాంటి రెండో సాక్ష్యం ఎంత వెతికినా నాకు పెద్దగా దొరకలేదు. ఫిబ్రవరి 28 నుంచి నాలుగైదు రోజులు అక్కడక్కడ తిరిగింది, అంతే. అది ఆరు వారాలు నిలబడి తెగింది. బలమైన సాక్ష్యం లేకుండా అన్నాళ్లు ఎందుకు నిలబడిందో నేను చెప్పలేను, కాబట్టి నా పద్ధతి అన్నీ చెబుతుందని అనుకోవద్దు.

---

లెక్కలమాష్టారు · బుధవారం, ఉదయం 10:12

ఒక్కటే స్వింగ్, స్వతంత్ర సాక్ష్యం. సరే, నా అభ్యంతరంలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం అలాగే ఉంచుకుంటాను. ఆ పెట్టె, ఆ పాత హై ఉన్నప్పుడు ఫిబొనాచీ గీత కొత్తగా ఏం చేర్చింది? దాన్ని తీసేసినా మీ జోన్ అదే కదా?

---

మద్దిలపాలెం_లలిత · బుధవారం, మధ్యాహ్నం 12:40

దాదాపు అదే, మాష్టారూ. అబద్ధమెందుకు. కింద అలాంటి పెట్టెలు రెండు మూడు ఉన్నప్పుడు ఎక్కడ వేచి ఉండాలో తేల్చుకోవడానికి నాకు ఫిబ్ పనికొస్తుంది. 42,000 దగ్గర కూడా డిసెంబర్, జనవరి నెలల పెట్టె ఒకటుంది. అది 0.786 కన్నా కింద. అంత దూరం వస్తే ఆ పరుగు చెడిందనే అనుకుంటాను. ఆ వడపోత తప్ప ఫిబ్‌కి నేను వేరే శక్తి ఆపాదించను.

---

గోల్డెన్‌పాకెట్_గాజువాక · బుధవారం, రాత్రి 9:00

మీరంతా కలిసి నా పేరు మార్పించేలా ఉన్నారు 😄 కానీ ఒకటి మిగిలింది. ఆగస్టు 5 లో 52,000 కాదు, 49,000. మీ జోన్ కింది అంచుని కూడా చీల్చుకుని పోయింది. లాగ్ స్కేల్ మీద గీస్తే ఏమవుతుందో చూశారా? ట్రేడింగ్‌వ్యూ సెట్టింగ్స్‌లో `Fib levels based on log scale` అని ఉంటుంది, దాన్ని టిక్ చేసి, చార్ట్‌ని కూడా లాగ్‌లో పెట్టండి.

```
level = high × (low / high)^r
73,800 × (38,500 / 73,800)^0.5   ≈ 53,300
73,800 × (38,500 / 73,800)^0.618 ≈ 49,400
```

జూలై 5 లో 53,500. ఆగస్టు 5 లో 49,000. అదే స్వింగ్, అవే కొసలు. మామూలు స్కేల్ మీద జూలై నాటి లో ఏ గీత దగ్గరా లేదు. ఇప్పుడేమంటారు?

---

లెక్కలమాష్టారు · బుధవారం, రాత్రి 9:25

మరో స్వేచ్ఛ దొరికిందంటాను. ఐదు లోలు, రెండు స్కేళ్లు. ఇక మే 1 నాటి 56,500కి లాగ్‌లో 0.382 ఎంత పడిందో చెప్పలేదేం? నేను వేశాను, దాదాపు 57,600 వచ్చింది. వెయ్యి డాలర్ల పైనే తప్పింది. మామూలు స్కేల్ మే నెలకి కుదిరింది, లాగ్ స్కేల్ జూలైకీ ఆగస్టుకీ కుదిరింది. ఏ నెలకి ఏది వాడాలో ముందే చెప్పే పంతులు ఉంటే నాకూ నంబరివ్వండి.

---

మద్దిలపాలెం_లలిత · గురువారం, ఉదయం 6:20

ఇక్కడ నా దగ్గర తెగే జవాబు లేదు. 20 శాతం స్వింగ్‌లో రెండు స్కేళ్ల మధ్య తేడా నామమాత్రమే, పట్టించుకోను. ధర రెండింతలు దాటితే లాగ్ వాడతాను, ఎందుకంటే 15,000 దగ్గర వెయ్యి డాలర్లూ 70,000 దగ్గర వెయ్యి డాలర్లూ ఒకటి కావు. ఈ స్వింగ్ 1.92 రెట్లు. నా నియమం ప్రకారం మామూలు స్కేలే. గాజువాక అన్న గీతలు నా గీతల కన్నా ఆగస్టులో దగ్గరగా పడ్డాయన్నది వాస్తవం. అయినా ఒక్క స్వింగ్ చూసి నియమం మార్చుకోను.

ఆగస్టు 5 విక్ గురించి ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆ రోజు పడింది బిట్‌కాయిన్ ఒక్కటే కాదు. జూలై 31న బ్యాంక్ ఆఫ్ జపాన్ వడ్డీ పెంచాక, యెన్‌లో అప్పు తెచ్చి అన్నిచోట్లా పెట్టినవాళ్లు ఒక్కసారి అమ్ముకుని బయటపడ్డారు. జపాన్ నిక్కీ ఆ ఒక్క రోజే 12 శాతం పైగా కూలింది. అలాంటి రోజున ఏ జోన్ అయినా చిరుగుతుంది. క్యాండిల్ ఎక్కడ ముగిసిందన్నదే నాకు ముఖ్యం. మన 6వ తేదీ పొద్దున్న 5:30కి అది 54,000 దగ్గర ముగిసింది, జోన్‌కి పైన.

---

వాల్తేరు_కెరటం · శుక్రవారం, రాత్రి 11:50

బి షిఫ్టు నుంచి ఇప్పుడే వచ్చాను. మీరు చెప్పిన జోన్ పెట్టుకుని రీప్లేలో ఆగస్టు అంతా రెండు రకాలుగా ఆడాను. స్టాప్ రెండిట్లోనూ 48,500, ఆ 49,000 గోడ కింద. టార్గెట్ 60,300.

మొదటి రకం, 52,000 దగ్గర ముందే లిమిట్ ఆర్డర్. పోతే 3,500, వస్తే 8,300. ఆగస్టు 8న టార్గెట్ తగిలింది. బాగుంది. కానీ మధ్యలో ధర 49,000 దాకా వెళ్లింది, నా స్టాప్‌కి 500 డాలర్ల దూరం.

రెండో రకం, లలిత మేడమ్ చెప్పినట్టు క్యాండిల్ ముగిసేదాకా ఆగి 54,000 దగ్గర కొనడం. పోతే 5,500, వస్తే 6,300. ఇదీ గెలిచింది, కానీ ఈ లెక్కతో ఎవరైనా ట్రేడ్ తీసుకుంటారా? సుబ్బయ్య గారి పన్ను కూడా కలిపితే మిగిలేది ఏమీ లేనట్టే ఉంది.

---

పూర్ణామార్కెట్_సుబ్బయ్య · శనివారం, ఉదయం 8:15

చెప్పానా! గెలిచినదాంట్లో 30 పోద్ది, ఓడినది పూర్తిగా మనదే. పోయేదీ వచ్చేదీ సమానంగా ఉంటే, సగం సార్లు గెలిచినా నష్టమే బాబూ.

---

మద్దిలపాలెం_లలిత · శనివారం, ఉదయం 9:30

సుబ్బయ్య గారు ఈసారి సరిగ్గా గురి చూసి కొట్టారు. మన పన్ను ప్రకారం రెండో రకం ట్రేడ్ నేను తీసుకోను. ముగింపు కోసం ఆగితే జోన్ బతికుందని తెలుస్తుంది, కానీ ఆ తెలుసుకోవడానికే 2,000 డాలర్లు కట్టాం. ఆగస్టు 6 పొద్దున్న నేను చేసేది, జోన్ బతికుందని రాసుకుని, మళ్లీ అక్కడికి వస్తుందేమో అని చూడటం. చాలాసార్లు రాదు. అప్పుడు ట్రేడ్ లేదు, అంతే.

మొదటి రకంలో మీరు గెలిచింది 500 డాలర్ల అదృష్టం వల్ల. వేరే ఎక్స్‌ఛేంజ్‌లో ఆ విక్ ఇంకాస్త దిగి ఉంటే ఇక్కడ వేరే పోస్టు రాసేవారు.

---

వాల్తేరు_కెరటం · శనివారం, రాత్రి 10:20

మళ్లీ వచ్చింది మేడమ్, సెప్టెంబర్‌లో! రీప్లే ముందుకి జరిపాను. సెప్టెంబర్ 6న పడి 52,500 దగ్గర తిరిగింది. వారంలో 60,000 దాటింది. నా లిమిట్ ఆర్డర్ 52,000 దగ్గర ఉంది. తగల్లేదు. ఆగస్టులో 500 డాలర్లు నన్ను కాపాడాయి, సెప్టెంబర్‌లో అవే 500 నన్ను బయట నిలబెట్టాయి.

ఆర్డర్ జోన్ పై అంచున పెట్టాలా, మధ్యలో పెట్టాలా? ముక్కలు చేసి పెట్టాలా?

---

మద్దిలపాలెం_లలిత · శనివారం, రాత్రి 10:55

ధర రోజుకి సగటున ఎంత ఊగుతోందో చెప్పే 14 రోజుల ఏటీఆర్‌లో నేను సగం తీసుకుని, అంత దూరం గీతకి పైనుంచే మొదలుపెట్టి మూడు ముక్కలుగా పెడతాను. సెప్టెంబర్‌లో అలా పెడితే మొదటి ముక్క దొరికేది. కాకపోతే మూడు ముక్కలూ నిండే రోజు సాధారణంగా ఆగస్టు 5 లాంటి రోజే అవుతుంది. దానికి తగ్గట్టు సైజు ముందే తగ్గించుకోవాలి.

---

గోల్డెన్‌పాకెట్_గాజువాక · శనివారం, రాత్రి 11:10

లాగ్‌లో 0.5 గీత 53,300 కదా. సెప్టెంబర్‌లో నా ఆర్డర్ నిండింది 😎

---

లెక్కలమాష్టారు · ఆదివారం, ఉదయం 7:30

ఆగస్టులో నిండిన అదే 53,300 ఆర్డర్‌కి స్టాప్ ఎక్కడ పెట్టారో కూడా రాయండి నాయనా.